సున్నా ఎవరి పుస్తకంలో ఉంది: నో డ్యూస్ సర్టిఫికెట్ అడిగే ముందు సరిచూడాల్సిన ఖాతా

చివరి బిల్లు కట్టేశాక చాలా సంస్థలు సరఫరాదారుకు రెండు వాక్యాల మెయిల్ పంపుతాయి. మీకు రావలసినదంతా చెల్లించాం, దయచేసి నో డ్యూస్ సర్టిఫికెట్ ఇవ్వండి అని. కొన్ని రోజులు జవాబు రాదు. మళ్ళీ గుర్తు చేస్తే అటు అకౌంట్స్ విభాగం నుంచి ఒక లెడ్జర్ కాపీ వస్తుంది, దాని అడుగున ఇంకా కొంత బాకీ కనిపిస్తుంది. కట్టినవాళ్ళకు కోపం వస్తుంది, రావలసినవాళ్ళకు అనుమానం వస్తుంది. నిజానికి ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఎవరి పుస్తకం వాళ్ళు చూసుకుని మాట్లాడుతున్నారు, అంతే.

నో డ్యూస్ సర్టిఫికెట్ అంటే సరఫరాదారు తన పుస్తకం చూసి చెప్పే మాట. కొనుగోలుదారు పుస్తకంలో సున్నా ఉన్నంత మాత్రాన ఆ కాగితం రాదు. అవతలి పుస్తకంలో కూడా సున్నా పడాలి. కాబట్టి సర్టిఫికెట్ కోసం చేసే పనిలో ఎక్కువ భాగం ఉత్తరం రాయడం కాదు, రెండు పుస్తకాలను పక్కపక్కన పెట్టి తేడా ఎక్కడ పుట్టిందో వెతకడం. ఆ పని పూర్తయితే ఉత్తరం చిన్న విషయం. ఆ పని చేయకుండా ఒత్తిడి చేసి కాగితం తెచ్చుకుంటే, దాని మీద తప్పకుండా ఏదో ఒక షరతు ఉంటుంది.

ఇక్కడ ఒక తేడా ముందే చెప్పుకోవాలి. ఆడిట్ సమయంలో వచ్చే బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ వేరు, నో డ్యూస్ సర్టిఫికెట్ వేరు. మొదటిది ఫలానా తేదీన ఖాతాలో ఇంత నిల్వ ఉంది అని మాత్రమే చెబుతుంది. ఆ తేదీకి ముందు సరుకు అంది, బిల్లు ఇంకా రాని వ్యవహారాల గురించి అది ఏమీ చెప్పదు. రెండోది ఫలానా వ్యవహారం కింద మాకు రావలసింది ఏమీ లేదు అని చెబుతుంది. బ్యాలెన్స్ కన్ఫర్మేషన్‌లో సున్నా చూసి, అదే నో డ్యూస్ అనుకుని ఫైల్‌లో పెట్టేయడం తరచుగా జరిగే పొరపాటు.

ఒక ఖాతా, 38,640 తేడా

ఒక చిన్న తయారీ సంస్థను ఊహించుకుందాం. అది మూడేళ్ళ పాటు ఒకే సరఫరాదారు దగ్గర అట్టపెట్టెలు కొన్నది. ఇప్పుడు ఆ ఒప్పందం ముగిసింది. మూడేళ్ళలో వచ్చిన బిల్లుల మొత్తం 9,00,000. కొనుగోలుదారు పుస్తకంలో ఈ మొత్తం పూర్తిగా తీరిపోయింది: బ్యాంకు ద్వారా, చెక్కుల ద్వారా కట్టింది 8,67,840, బిల్లుల నుంచి పన్ను కింద మినహాయించి ప్రభుత్వానికి జమ చేసింది 18,000, తడిసి పాడైన పెట్టెలు తిప్పి పంపి రాసిన డెబిట్ నోట్ 14,160. ఈ మూడూ కలిపితే సరిగ్గా 9,00,000. నిల్వ సున్నా.

సరఫరాదారు లెడ్జర్‌లో మాత్రం అందింది 8,61,360 అని ఉంది. బాకీ 38,640.

ఈ 38,640ని ఒకే అంకెగా చూస్తే వాదన తప్ప ఏమీ మిగలదు. అది ఒక తేడా కాదు, నాలుగు వేర్వేరు తేడాల మొత్తం. ఒక్కొక్కటి వేరే కారణంతో పుట్టింది, ఒక్కొక్కదాన్ని వేరే మనిషి సరిచేయాలి. అందుకే మొదటి ఉత్తరంలో సర్టిఫికెట్ అడగకూడదు. లెడ్జర్ కాపీ అడగాలి. అది కూడా ఈ ఒక్క సంవత్సరానిది కాదు, వ్యాపారం మొదలైన రోజు నుంచి. ఒక్క సంవత్సరం లెడ్జర్ తెప్పిస్తే మొదటి వరుసలో ప్రారంభ నిల్వ అని ఒక అంకె ఉంటుంది. పాత తగాదాలన్నీ ఆ అంకెలోనే దాక్కుని ఉంటాయి. రెండు పుస్తకాల ప్రారంభ నిల్వలు కలవకపోతే, కింద ఎన్ని వరుసలు టిక్ పెట్టినా చివరి నిల్వ కలవదు.

లెడ్జర్ చేతికి వచ్చాక బిల్లుకు బిల్లు, చెల్లింపుకు చెల్లింపు టిక్ పెట్టుకుంటూ పోవాలి. రెండు వైపులా ఉన్నవి వదిలేయాలి, ఒక్క వైపే ఉన్నవి వేరే కాగితం మీదికి ఎక్కించాలి. ఈ దశలో పాత గుమాస్తాలు వాడే రెండు కిటుకులు ఇప్పటికీ పనికొస్తాయి. మిగిలిన తేడా 9తో భాగిస్తే శేషం లేకుండా పోతే, ఎవరో అంకెలు తారుమారు చేసి రాసి ఉండవచ్చు. 5,430 బదులు 4,530 అని రాస్తే వచ్చే తేడా 900, అది 9 గుణిజమే. తేడాలో సగానికి సరిపోయే మొత్తం ఖాతాలో ఎక్కడైనా కనబడితే, ఆ మొత్తం జమ వైపు పడాల్సింది ఖర్చు వైపు పడి ఉండవచ్చు. ఇవి రుజువులు కావు, ఎక్కడ వెతకాలో చెప్పే గుర్తులు మాత్రమే.

మన ఉదాహరణలో టిక్ పెట్టుకుంటూ పోతే బయటపడిన నాలుగూ ఇవి.

మొదటిది 18,000. కొనుగోలుదారు పన్ను మినహాయించి కట్టాడు, కానీ దానికి సంబంధించిన ధ్రువపత్రం సరఫరాదారుకు పంపలేదు. ఆ కాగితం లేకుండా సరఫరాదారు అకౌంటెంట్ సాధారణంగా ఆ మొత్తాన్ని ఖాతాలో జమ రాయడు. ఆయన పుస్తకంలో అది రావలసిన డబ్బే. ఇక్కడ తప్పు పూర్తిగా కొనుగోలుదారుది. ధ్రువపత్రం పంపిన రోజే ఈ తేడా పోతుంది. మూలం దగ్గర పన్ను మినహాయించే పద్ధతి ఉన్న ఏ చోటైనా, సర్టిఫికెట్ ఆగిపోయే కారణాల్లో మొదట చూడాల్సింది ఇదే.

రెండోది 14,160. ఇది కాస్త చిక్కైనది. పాడైన పెట్టెలు వెనక్కి వెళ్ళాయి, కొనుగోలుదారు డెబిట్ నోట్ రాసి తన పుస్తకంలో బాకీ తగ్గించుకున్నాడు. కానీ డెబిట్ నోట్ అనేది ఒకవైపు కోరిక. అవతలివాళ్ళు దానికి బదులుగా క్రెడిట్ నోట్ ఇస్తేనే వాళ్ళ పుస్తకంలో బాకీ తగ్గుతుంది. పెట్టెలు అందుకున్నది గోడౌన్ మనిషి, క్రెడిట్ నోట్ రాయాల్సింది అకౌంట్స్ మనిషి, ఆమోదించాల్సింది సేల్స్ మేనేజర్. ముగ్గురి మధ్య కాగితం ఆగిపోయింది. కాబట్టి డెబిట్ నోట్ పంపాం కదా అని మళ్ళీ మళ్ళీ చెప్పడం వల్ల లాభం లేదు. సరుకు తిప్పి పంపిన చలాన్ మీద గోడౌన్ మనిషి పెట్టిన సంతకం కాపీ పంపి, మీ క్రెడిట్ నోట్ నంబరు, తేదీ తెలపండి అని అడగాలి. నంబరు వచ్చిందంటే అవతలి పుస్తకంలో ఎంట్రీ పడినట్టే.

మూడోది 6,000. ఒక చెక్కు. కొనుగోలుదారు బ్యాంకు స్టేట్‌మెంట్‌లో సొమ్ము వెళ్ళిపోయినట్టు ఉంది, సరఫరాదారు బ్యాంకులో పడినట్టూ ఉంది. కానీ దాదాపు అదే పేరున్న మరో కస్టమర్ ఖాతాలో జమ రాశారు. ఇలాంటివి కొన్నిసార్లు ఎవరి ఖాతాకూ చెందకుండా సస్పెన్స్ ఖాతాలో పడి ఉంటాయి. ఫలానా నెలలో 6,000 కట్టాం అంటే అవతలివాళ్ళు వెతకలేరు. చెక్కు నంబరు, సొమ్ము తీసుకున్న తేదీ, ఆ తేదీ కనబడే స్టేట్‌మెంట్ పేజీ పంపితే కొద్దిసేపట్లో దొరుకుతుంది. ఆన్‌లైన్ చెల్లింపు అయితే లావాదేవీ నంబరు చెప్పాలి.

నాలుగోది 480. పదహారు బ్యాంకు బదిలీల్లో ఒక్కోదానికి 30 చొప్పున మధ్యలో బ్యాంకు కోసుకుంది. కొనుగోలుదారు పూర్తి మొత్తం పంపాడు, సరఫరాదారుకు 30 తక్కువ అందింది. ఒకే చిన్న మొత్తం మళ్ళీ మళ్ళీ కనబడితే అది దాదాపు ఎప్పుడూ బ్యాంకు చార్జీయే. ఎవరు భరించాలో ఒప్పందంలో రాసి ఉంటే అలాగే, లేకపోతే ఈ 480 కట్టేయడం మంచిది. ఎవరిది న్యాయం అని నెల రోజులు మెయిళ్ళు నడిపితే, ఆ నెలంతా మిగతా 38,160 కూడా తెరిచే ఉంటుంది.

18,000, 14,160, 6,000, 480. కలిపితే 38,640. తేడా మొత్తానికి పేరు దొరికింది. చివరి పైసా వరకూ ఇలా పేరు దొరకాలి. మిగిలింది కొంచెమే కదా అని వదిలేస్తే ప్రమాదం ఎందుకంటే, ఆ కొంచెం రెండు పెద్ద తేడాలు ఒకదాన్నొకటి కొట్టేసుకోగా మిగిలినది కావచ్చు.

ఏ డబ్బు ఏ బిల్లుకు

మొత్తాలు కలిసినా ఒక తగాదా మిగిలే వీలుంది. అది ఏ చెల్లింపును ఏ బిల్లు కింద రాశారు అన్నది. కొనుగోలుదారు ప్రతి నెలా గుండ్రంగా ఒక మొత్తం పంపుతూ, ఏ బిల్లుకు అన్నది చెప్పకపోతే, సరఫరాదారు సాఫ్ట్‌వేర్ సాధారణంగా ఆ డబ్బును అన్నిటికన్నా పాత బిల్లుకు సర్దుతుంది. ఈ పద్ధతికి పాత న్యాయ పునాది కూడా ఉంది. 1816లో ఇంగ్లండ్‌లో వచ్చిన క్లేటన్ కేసు తీర్పు ప్రకారం, నడుస్తున్న ఖాతాలో ఎవరూ ఏమీ చెప్పకపోతే ముందు పుట్టిన బాకీ ముందు తీరినట్టు భావిస్తారు. అంతకన్నా ముఖ్యమైనది ఆ భావన ఎప్పుడు వర్తిస్తుందన్నది. కట్టేటప్పుడే ఇది ఫలానా బిల్లుకు అని చెబితే ఆ మాటే చెల్లుతుంది. ఏమీ చెప్పకపోతేనే మిగతా సూత్రాలు ముందుకొస్తాయి.

మన అట్టపెట్టెల ఖాతాలో దీని ఫలితం ఎలా ఉంటుందో చూడండి. పాడైన పెట్టెల బిల్లు రెండేళ్ళ కిందటిది. ఆ బిల్లులో 14,160 ఆపి పెట్టానని కొనుగోలుదారు అనుకుంటున్నాడు. కానీ తర్వాత పంపిన డబ్బు పేరు లేకుండా వెళ్ళింది కాబట్టి, సరఫరాదారు పుస్తకంలో ఆ పాత బిల్లు పూర్తిగా తీరిపోయింది. తెరిచి ఉన్నది చివరి నెల బిల్లు. చివరి నెల సరుకులో ఏ లోపమూ లేదు. అప్పుడు సరఫరాదారు, చివరి బిల్లు ఎందుకు కట్టలేదు అని అడుగుతాడు. కొనుగోలుదారు, పెట్టెలు తడిసిపోయాయి కదా అంటాడు. ఇద్దరూ వేర్వేరు బిల్లుల గురించి మాట్లాడుకుంటారు. ప్రతి చెల్లింపుతో పాటు ఏ బిల్లుకు ఎంత, ఎంత ఆపాం, ఎందుకు ఆపాం అని ఒక చిన్న వివరం పంపి ఉంటే ఈ గొడవే పుట్టదు. అప్పుడు పంపకపోయినా, ఇప్పుడు సరిచూసే కాగితంలో బిల్లువారీగా రాసి ఇద్దరూ సంతకం పెట్టడం సరిపోతుంది.

లెడ్జర్‌లో కనబడనివి

లెడ్జర్ సున్నా అయ్యాక కూడా మరికొన్నిచోట్ల చూడాలి. అవి పుస్తకంలో ఉండవు, కాబట్టి పుస్తకం చూసి ఇచ్చే సర్టిఫికెట్‌లో కూడా పట్టుబడవు.

డెలివరీ చలాన్ వచ్చి బిల్లు రాని సరుకు ఒకటి. సేవల విషయంలో ఇది ఇంకా ఎక్కువ. నెలాఖరు దాటాక బిల్లు వేసే సంస్థలు, వాడకాన్ని బట్టి లెక్కకట్టే సంస్థలు, సర్టిఫికెట్ ఇచ్చిన పది రోజులకు చివరి బిల్లు పంపుతాయి. గోడౌన్ రిజిస్టర్ తీసి చివరి మూడు నెలల చలాన్లన్నిటికీ బిల్లు నంబరు ఉందో లేదో చూడటం ఒక పూట పని.

తిరిగి ఇవ్వాల్సిన వస్తువులు మరొకటి. ప్యాలెట్లు, సిలిండర్లు, డ్రమ్ములు, మోడెమ్‌లు, మీటర్లు. ఇవి డబ్బు లెడ్జర్‌లో ఉండవు, స్టోర్స్ రిజిస్టర్‌లో ఉంటాయి. మన కొనుగోలుదారు దగ్గర 12 ప్యాలెట్లు మిగిలిపోయాయి అనుకుందాం. అవి వాపసు ఇచ్చి రసీదు తీసుకోకపోతే, రేపు వాటి ఖరీదు కింద ఒక బిల్లు వస్తుంది. అప్పుడు నో డ్యూస్ సర్టిఫికెట్ చూపిస్తే, అది డబ్బు బాకీ గురించి, ఇది వస్తువుల గురించి అని జవాబు వస్తుంది. ఆ జవాబు పూర్తిగా తప్పు అని కూడా అనలేం.

ఆలస్యపు వడ్డీ మూడోది. చాలా బిల్లుల అడుగున గడువు దాటితే ఇంత శాతం వడ్డీ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. వ్యాపారం నడుస్తున్నంత కాలం ఎవరూ అది అడగరు. సంబంధం తెగిపోయేటప్పుడు అడుగుతారు. అసలు మొత్తం తీరిపోయింది అని రాసిన కాగితం వడ్డీ గురించి ఏమీ చెప్పకపోతే ఏమవుతుందో 1884లో బ్రిటన్ హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పు ఇచ్చిన ఫోక్స్ వర్సెస్ బీర్ కేసు చూపిస్తుంది. డాక్టర్ ఫోక్స్ అనే ఆయన జూలియా బీర్ అనే ఆవిడకు కోర్టు తీర్పు ప్రకారం 2,090 పౌండ్ల 19 షిల్లింగులు బాకీ పడ్డాడు. వాయిదాల్లో కడితే ఇక కోర్టుకు వెళ్ళనని ఆవిడ రాసిచ్చింది. ఆయన అసలు మొత్తం అంతా కట్టాడు. తర్వాత ఆవిడ వడ్డీ అడిగింది. కోర్టు ఆవిడ పక్షానే తీర్పు చెప్పింది. ఉన్న బాకీలో కొంత కట్టినందుకే మిగతాది వదిలేస్తామన్న మాట, దానికి బదులు వేరే ఏ ప్రతిఫలమూ లేకపోతే, ఇచ్చినవాళ్ళను కట్టిపడేయదని ఆ తీర్పు సారం. అన్ని దేశాల్లో చట్టం ఇలాగే లేదు. భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 63వ సెక్షన్ ప్రకారం, రావలసినదానికన్నా తక్కువ తీసుకుని మిగతాది వదులుకోవడానికి రావలసినవాడికి హక్కు ఉంది, దానికి వేరే ప్రతిఫలం అక్కర్లేదు. ఇలాంటి చట్టం ఉన్న చోట, వడ్డీ వదిలేశామా లేదా అన్న ప్రశ్నే రాకుండా చేసేది సర్టిఫికెట్‌లో రాసే ఒక్క పదం. అసలు, వడ్డీ, ఆలస్య రుసుము కలిపి అని రాయించుకుంటే, ఫోక్స్ పడిన చిక్కు రాదు.

నాలుగోది చాలామందికి తట్టనిది. సరఫరాదారు తన బిల్లులను ఒక ఫైనాన్స్ సంస్థకు అమ్మి ముందే డబ్బు తీసుకుని ఉండవచ్చు. దీన్ని ఫ్యాక్టరింగ్ అంటారు. అప్పుడు ఆ బిల్లు డబ్బు రావలసింది ఫైనాన్స్ సంస్థకు. ఇకపై మాకే కట్టండి అని ఫైనాన్స్ సంస్థ నోటీసు పంపిన తర్వాత కూడా పాత అలవాటు కొద్దీ సరఫరాదారుకే కడితే, సరఫరాదారు ఇచ్చే నో డ్యూస్ సర్టిఫికెట్ ఫైనాన్స్ సంస్థను ఆపలేదు. బిల్లు మీద ఫలానా సంస్థ పేరిట బదలాయించబడింది అన్న ముద్ర గానీ, ఎప్పుడైనా బ్యాంకు ఖాతా మార్చమని వచ్చిన ఉత్తరం గానీ ఉంటే, ఆ బిల్లుల వరకు సర్టిఫికెట్ ఫైనాన్స్ సంస్థ నుంచి తెచ్చుకోవాలి.

డ్రాఫ్ట్ ముందు, డబ్బు తర్వాత

ఉత్తరం ఎప్పుడు రాయాలన్నదానికి ఒక స్పష్టమైన జవాబు ఉంది: చివరి చెల్లింపుకు ముందు. డబ్బు మొత్తం అందాక సర్టిఫికెట్ ఇవ్వడం సరఫరాదారుకు ఏ లాభమూ లేని అదనపు పని. ఇవ్వననరు, వాయిదా వేస్తారు. చివరి మొత్తం ఇంకా కొనుగోలుదారు చేతిలో ఉండగా, సరిచూసిన ఖాతా, సర్టిఫికెట్ డ్రాఫ్ట్ రెండూ పంపి, ఈ వాక్యాలు మీకు సమ్మతమైతే ఫలానా రోజున చెల్లింపు చేస్తాం, సొమ్ము మీ ఖాతాలో పడిన తర్వాత మూడు పనిదినాల్లో సంతకం చేసి పంపండి అని అడగడం ఇద్దరికీ సౌకర్యం. అలాగని గడువు దాటిపోయిన డబ్బును సర్టిఫికెట్ కోసం ఆపడం సరికాదు, దానికి వడ్డీ కూడా పడుతుంది. గడువుకు పది పదిహేను రోజుల ముందే ఖాతా సరిచూడటం మొదలుపెడితే ఆపాల్సిన అవసరం రాదు.

ఉత్తరం ఇలా ఉంటే సరిపోతుంది:

"ఫలానా తేదీ నాటి కొనుగోలు ఒప్పందం కింద మీ సంస్థతో మా వ్యవహారం ముగిసింది. మీ ఖాతాలో మా కస్టమర్ కోడ్ ఫలానా. మీరు పంపిన లెడ్జర్‌లో బాకీ 38,640గా ఉంది. దీనికి సంబంధించిన నాలుగు అంశాల వివరం, ఆధారాలు జత చేశాం. వీటిలో 480 మేము ఈ నెల 20న చెల్లిస్తాం. మిగిలిన మూడు అంశాలకు మీ పుస్తకంలో ఎంట్రీలు వేసి, సవరించిన లెడ్జర్‌ను పంపగలరు. సొమ్ము అందిన తర్వాత జత చేసిన నమూనాలో నో డ్యూస్ సర్టిఫికెట్ ఇవ్వవలసిందిగా కోరుతున్నాం. ఒప్పందం కింద మీ వద్ద ఉన్న మా డిపాజిట్ 25,000 వాపసు విషయం వేరుగా రాస్తున్నాం."

నమూనా మనమే పంపడంలో నామోషీ ఏమీ లేదు. అవతలి అకౌంటెంట్‌కు పని తగ్గుతుంది, మనకు కావలసిన మాటలు వస్తాయి. ఆ నమూనాలో ఉండాల్సిన వాక్యం ఒకటే, కాకపోతే నిండుగా ఉండాలి: "ఫలానా ఒప్పందం కింద, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు జరిగిన సరఫరాలన్నిటికి సంబంధించి, బిల్లు చేసినవి, చేయవలసినవి, వడ్డీ, ఆలస్య రుసుము, వాపసు ఇవ్వవలసిన సామగ్రితో సహా, ఫలానా సంస్థ నుంచి మాకు రావలసినది ఏమీ లేదు. ఈ బిల్లులను మేము ఇతరులకు బదలాయించలేదు."

జవాబుగా వచ్చే కాగితంలో కొన్ని మాటలు ఈ వాక్యాన్ని మెల్లగా తినేస్తాయి. మా పుస్తకాల ప్రకారం అన్నది సాధారణం, దాన్ని ఒప్పుకోవచ్చు. చెక్కు సొమ్ము చేతికందితేనే అన్నది న్యాయమైన షరతు, కానీ చెక్కు మారాక ఆ షరతు లేని మరో కాగితం తీసుకోవాలి. లోపాలు, పొరపాట్లు ఉంటే సవరించుకునే హక్కు మాకుంది అని రాస్తే అది సర్టిఫికెట్ కాదు, స్టేట్‌మెంట్. ఈ తేదీ నాటికి అని మాత్రమే రాసి, ఏ కాలం, ఏ ఒప్పందం అన్నవి వదిలేస్తే, రెండు బ్రాంచీలతో, రెండు కస్టమర్ కోడ్‌లతో వ్యాపారం చేసిన సంస్థకు అది సగం కాగితమే. ఒక కోడ్‌లో సున్నా ఉండి రెండో కోడ్‌లో బాకీ నడుస్తూ ఉండవచ్చు.

సంతకం ఎవరిదన్నది కూడా చూడాలి. రోజూ ఆర్డర్లు తీసుకెళ్ళే సేల్స్ మనిషి ఫోన్‌లో, మీదేం లేదండీ, అంతా క్లియర్ అని మెసేజ్ పెడతాడు. ఆయన నిజాయితీగానే అంటాడు, కానీ సంస్థ తరఫున బాకీ వదులుకునే అధికారం ఆయనకు ఉండదు. అకౌంట్స్ లేదా ఫైనాన్స్ బాధ్యుడి సంతకం, పేరు, హోదా, తేదీ, సంస్థ లెటర్‌హెడ్ కావాలి. మెయిల్‌లో వస్తే సంస్థ అధికారిక చిరునామా నుంచి రావాలి.

ఎదురు అడిగే కాగితం

సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు సరఫరాదారు, మీరూ మాకు ఒకటి ఇవ్వండి, మా మీద మీకు ఏ క్లెయిమూ లేదని, అని అడగవచ్చు. అడగడం సహజమే. కానీ ఇక్కడ తొందరపడి సంతకం పెడితే నష్టం కొనుగోలుదారుదే. సరఫరాదారు దగ్గర 25,000 డిపాజిట్ ఉంది. అది ఆయన పుస్తకంలో వేరే ఖాతాలో, ఆయన ఇవ్వాల్సిన డబ్బుగా ఉంటుంది. కస్టమర్ లెడ్జర్‌లో కనబడదు, అందుకే ఖాతా సరిచూసినప్పుడు బయటపడదు. ఏ క్లెయిమూ లేదు అని రాసిచ్చాక ఆ డిపాజిట్ అడగడం కష్టమవుతుంది. చివరి లాట్ సరుకుపై గ్యారంటీ, సేవా ఒప్పందంలో ముందే కట్టేసిన నెలల డబ్బు, తర్వాత రావలసిన డిస్కౌంట్ క్రెడిట్ నోట్లు కూడా ఈ కోవలోవే. డిపాజిట్ 25,000, గ్యారంటీ హక్కులు మినహా అని ఒక్క వాక్యం చేర్చి సంతకం పెట్టాలి, లేదా డిపాజిట్ చేతికొచ్చాకే పెట్టాలి.

డిపాజిట్‌లోంచి బాకీ మినహాయించుకోండి అని చెప్పి చేతులు దులుపుకోవడం కూడా అంత సులువు కాదు. 480కి బదులు డిపాజిట్ నుంచి తీసుకోమంటే, సరఫరాదారు పుస్తకంలో ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు సర్దుబాటు ఎంట్రీ పడాలి. ఆ ఎంట్రీ పడేదాకా కస్టమర్ లెడ్జర్‌లో 480 అలాగే ఉంటుంది, సర్టిఫికెట్ ఆగే ఉంటుంది. చిన్న మొత్తమైతే నేరుగా కట్టి, డిపాజిట్ పూర్తిగా వాపసు అడగడమే దగ్గరి దారి.

జవాబు రాకపోతే

కొందరు సరఫరాదారులు ఎన్నిసార్లు అడిగినా జవాబు ఇవ్వరు. సంస్థ మూతపడి ఉండవచ్చు, మనుషులు మారిపోయి ఉండవచ్చు, లేదా వ్యాపారం పోయిందన్న కోపం ఉండవచ్చు. అప్పుడు సరిచూసిన ఖాతా, చెల్లింపు ఆధారాలు, చివరి చెల్లింపు వివరం జతచేసి, అందినట్టు రసీదు వచ్చే పద్ధతిలో ఒక ఉత్తరం పంపాలి. ఇన్ని రోజుల్లో అభ్యంతరం తెలపకపోతే ఖాతా తీరినట్టు భావిస్తాం అని అందులో రాయవచ్చు. మౌనం మాత్రమే అంగీకారం కాదు, కాబట్టి ఆ ఉత్తరం సర్టిఫికెట్‌తో సమానం అవదు. అయినా ఫలానా తేదీన పూర్తి లెక్క ముందు పెట్టాం, అవతలివాళ్ళు ఏ తప్పూ చూపలేదు అన్నదానికి అది సాక్ష్యం. రెండేళ్ళ తర్వాత పాత బాకీ అంటూ ఎవరైనా వస్తే, ఎంత, ఏ బిల్లు కింద అని అడగడానికి ఆ కాగితం చేతిలో ఉంటుంది.

సర్టిఫికెట్ వచ్చినా దానికి హద్దు ఉంది. అది ప్రాథమికంగా రసీదు లాంటి సాక్ష్యం. మోసం వల్లనో, ఇద్దరూ పడిన పొరపాటు వల్లనో ఇచ్చారని రుజువైతే కోర్టు దాన్ని పక్కన పెట్టగలదు. ఉదాహరణకు, చెల్లని చెక్కు ఇచ్చి సర్టిఫికెట్ తీసుకున్నవాడు ఆ కాగితం చూపి తప్పించుకోలేడు. అలాగే అది రెండు సంస్థల మధ్య మాట మాత్రమే, పన్ను శాఖ అడిగేదానికి జవాబు కాదు.

అట్టపెట్టెల ఖాతాకు చివరగా జరగాల్సింది ఇది. కొనుగోలుదారు పన్ను ధ్రువపత్రం, వాపసు చలాన్ కాపీ, చెక్కు వివరం ఒకే మెయిల్‌లో పంపి, 480 బదిలీ చేస్తాడు, ఈసారి బ్యాంకు చార్జీ తనే భరించే పద్ధతిలో. 12 ప్యాలెట్లు గేట్‌పాస్ మీద వెనక్కి వెళ్ళి, సంతకం చేసిన కాపీ తిరిగొస్తుంది. సవరించిన లెడ్జర్‌లో 18,000 సర్దుబాటు ఎంట్రీ, 14,160కి క్రెడిట్ నోట్ నంబరు, 6,000 వేరే కస్టమర్ ఖాతా నుంచి మార్పు, 480 జమ కనబడతాయి. ఆ లెడ్జర్ చేతికొచ్చిన తర్వాతే సంతకం చేసిన సర్టిఫికెట్ తీసుకోవాలి. రెండింటినీ కలిపి పిన్ చేసి ఉంచాలి, ఎందుకంటే బాకీ సున్నా అని సర్టిఫికెట్ చెబుతుంది కానీ ఆ సున్నా ఎలా వచ్చిందో లెడ్జర్ ఒక్కటే చెబుతుంది. పాత బాకీ మీద దావా వేసేందుకు చట్టం ఇచ్చిన గడువు దాటేదాకా, డిపాజిట్ 25,000 బ్యాంకులో పడిన రోజు స్టేట్‌మెంట్‌తో సహా, ఆ ఫైల్ ఉంచాలి.